బ్రాకెట్ తెగిపోయిన ఫొటో: జవాబు √3 దగ్గర ఆపాలా, 20.4 అనాలా?

విజయనగరంలో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పేవాళ్ల ఫోన్లకు రాత్రి ఎనిమిది దాటాక ఫొటోల రాక మొదలవుతుంది. చీపురుపల్లి నుంచి ఒకటి, గజపతినగరం నుంచి ఇంకొకటి, బొబ్బిలి నుంచి మరొకటి. పేజీ మొత్తం తీసి పంపేవాళ్లు తక్కువ. కావలసిన ప్రశ్న వరకే కత్తిరించి పంపుతారు. లెక్క ఎలా చెయ్యాలో చెప్పడం పెద్ద పని కాదు. చివరి వరసకు వచ్చాక మాత్రం ఆగి ఆలోచించాల్సి వస్తుంది. జవాబులో π, √3 అలాగే ఉంచాలా? భిన్నంగా వదలాలా? దశాంశంలోకి మార్చాలా, మారిస్తే ఎన్ని స్థానాలు? ఆ ఫొటోలో దీని గురించి ఒక్క ముక్క ఉండదు.

ఇలాంటి ఫొటోల్లో తరచూ కనిపించే లెక్క ఒకటి తీసుకుందాం. 15 సెం.మీ. వ్యాసార్థం ఉన్న వృత్తంలో ఒక జ్యా కేంద్రం వద్ద 60° కోణం చేస్తుంది. అల్ప వృత్తఖండం, అధిక వృత్తఖండం వైశాల్యాలు కనుక్కోవాలి. మన రాష్ట్రంలో 2024-25 నుంచి పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకమే కాబట్టి, ఇది 11.1 అభ్యాసంలో ఆరో లెక్క అని చాలామందికి చూడగానే తెలుస్తుంది. పుస్తకంలో ఈ ప్రశ్న చివర బ్రాకెట్లో π = 3.14, √3 = 1.73 తీసుకోమని ఉంటుంది. అభ్యాసం మొదట్లో, పేజీ పైన, వేరే చెప్పకపోతే π = 22/7 వాడమని ఇంకో వాక్యం ఉంటుంది. ఫొటోలో బ్రాకెట్ తెగిపోయింది, పై వాక్యం ఎలాగూ రాలేదు. ఇక చేతిలో ఉన్నవి 15, 60° మాత్రమే.

ముందు లెక్క చేసేద్దాం. 60° సెక్టర్ అంటే వృత్తంలో ఆరో వంతు. దాని వైశాల్యం 225π/6, అంటే 75π/2. జ్యా, రెండు వ్యాసార్థాలు కలిస్తే వచ్చేది సమబాహు త్రిభుజం, ఎందుకంటే మధ్య కోణం 60°, రెండు భుజాలూ 15. దాని వైశాల్యం (√3/4) × 225. సెక్టర్‌లోంచి త్రిభుజం తీసేస్తే అల్ప వృత్తఖండం మిగులుతుంది:

75π/2 − 225√3/4 = (75/4)(2π − 3√3) చ.సెం.మీ.

గణితం వరకు పని ఇక్కడితో అయిపోయింది. ఇది కచ్చితమైన జవాబు. π ఎంత అనుకున్నా, √3 ఎంత అనుకున్నా దీనిలో మార్పు రాదు. ఇక ఈ వరస తర్వాత ఏం రాయాలన్నదే అసలు తగాదా.

ఒకే ప్రశ్న, నలుగురు పిల్లలు అనుకోండి. మొదటివాడి దగ్గర పుస్తకం ఉంది, బ్రాకెట్ చూశాడు. 3.14, 1.73 పెడితే సెక్టర్ 117.75, త్రిభుజం 97.3125, తేడా 20.4375. పుస్తకం వెనక జవాబు కూడా అదే, నాలుగు దశాంశ స్థానాలతో. రెండోవాడికి √3 అంటే 1.732 అని అలవాటు. π మాత్రం 3.14 తీసుకున్నాడు. వాడికి 20.325 వచ్చింది. మూడో అమ్మాయి పేజీ పైనున్న 22/7 పెట్టి, √3కు 1.732 వేసింది. ఆమెకు 20.43 వచ్చింది. నాలుగోవాడు ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచి π బటన్, √ బటన్ నొక్కాడు. వాడికి 20.38. వాడి నుంచి వెంటనే మెసేజ్: "ఏటి సార్, పుస్తకంలో జవాబు తప్పా?"

పుస్తకం తప్పు కాదు. పుస్తకం ఇచ్చిన విలువలతో చేస్తే వచ్చేది 20.4375యే, అందులో తేడా లేదు. కానీ ఆ వృత్తఖండం నిజంగా ఎంత ఉంటుందంటే 20.3819 చదరపు సెంటీమీటర్ల దగ్గర. అంటే పుస్తకం జవాబులో మొదటి దశాంశ స్థానంతోనే నిజం అయిపోయింది. ఆ 375 నిజమైన అంకెలు కావు, 3.14 వాడినందుకు మిగిలిన తుక్కు.

ఇంత తేడా ఎందుకు వచ్చిందో చూస్తే, ఏ జవాబును ఎక్కడ ఆపాలో దానంతట అదే తెలుస్తుంది. 3.14 అంటే నిజమైన π కంటే సుమారు 0.0016 తక్కువ. సెక్టర్ వైశాల్యం 37.5π కాబట్టి ఈ చిన్న తేడా 37.5 రెట్లు పెరిగి, సెక్టర్ 0.06 తక్కువ వస్తుంది. 1.73 అంటే నిజమైన √3 కంటే 0.002 పైచిలుకు తక్కువ. దాన్ని 56.25తో గుణించేసరికి త్రిభుజం 0.115 తక్కువ వస్తుంది. 117లో 0.06 అంటే ఎవరికీ పట్టదు, 97లో 0.115 కూడా అంతే. కానీ మనకు కావలసింది ఆ రెంటి తేడా, ఇరవై చిల్లర. పెద్ద సంఖ్యలోంచి దాదాపు అంత పెద్ద సంఖ్యను తీసేసినప్పుడు సంఖ్య చిన్నదవుతుంది, తప్పు మాత్రం అలాగే కూర్చుంటుంది. 20లో 0.055 తేడా అంటే రెండో దశాంశ స్థానం పూర్తిగా పోయినట్టే.

ఇక్కడ ఇంకో తమాషా ఉంది. రెండోవాడు √3కు మెరుగైన విలువ 1.732 వాడాడు కదా, వాడి జవాబు నిజానికి దగ్గరగా రావాలి. రాలేదు. 20.325కు నిజమైన విలువతో 0.057 తేడా ఉంది, అంటే మొదటివాడికి ఉన్నంతే, కాకపోతే దిశ మారింది. మొదటివాడి లెక్కలో π వల్ల వచ్చిన లోటును √3 వల్ల వచ్చిన లోటు పూర్తిగా పూడ్చి, ఇంకాస్త ముందుకు తోసేసింది. రెండోవాడి లెక్కలో పూడ్చేది ఎవరూ లేరు. ఒక్క సంఖ్యను మెరుగుపరిచి రెండోదాన్ని మోటుగా వదిలేస్తే ప్రయోజనం లేదన్నమాట.

దీని పక్కనే ఏడో లెక్క చూడండి. వ్యాసార్థం 12, కోణం 120°, అవే 3.14, 1.73. జవాబు 88.44. కాలిక్యులేటర్ బటన్లతో చేసినా 88.44యే వస్తుంది. ఇక్కడ సెక్టర్ 48π, త్రిభుజం 36√3. ఒకదానిలో లోటు 0.076, రెండోదానిలో 0.074, తీసివేతలో రెండూ కొట్టేసుకున్నాయి. ఒకే అభ్యాసం, అవే రెండు విలువలు, వరసగా రెండు లెక్కలు. ఒకదానిలో నాలుగు అంకెలూ నిజం, ఇంకొకదానిలో మూడో అంకె దాటితే నమ్మలేం. దశాంశ రూపాన్ని మాత్రమే చూసి ఎన్ని అంకెలు నమ్మాలో చెప్పడం కుదరదు. కచ్చితమైన రూపం చేతిలో ఉంటేనే ఆ పరీక్ష చెయ్యగలం.

అందుకే బ్రాకెట్ కనపడని ఫొటోకు జవాబు రెండు వరసల్లో ఇవ్వడం మంచిది:

వైశాల్యం = (75/4)(2π − 3√3) చ.సెం.మీ.
≈ 20.4 చ.సెం.మీ.

మొదటి వరసలో "=" గుర్తు, రెండో వరసలో "≈" గుర్తు. (75/4)(2π − 3√3) = 20.4375 అని రాస్తే అది గణితపరంగా అబద్ధం. పరీక్షలో దీనికి మార్కు తగ్గకపోవచ్చు గానీ, ఆ వరస చదివిన పిల్లవాడు π అంటే 3.14 అనే అనుకుంటాడు, ఇంటర్‌లోకి వెళ్లాక అది వదిలించడం కష్టం.

రెండో వరసలో 20.4 దగ్గరే ఎందుకు ఆపామని అడగొచ్చు. దీనికి చిన్న పరీక్ష ఉంది. పదో తరగతిలో వాడే విలువలు మార్చి మార్చి లెక్క చెయ్యండి. 3.14తో 1.73, 3.14తో 1.732, 22/7తో 1.732, 22/7తో 1.73. వచ్చేవి 20.44, 20.33, 20.43, 20.54. అన్నిటిలో కదలకుండా ఉన్నది 20. మొదటి దశాంశ స్థానం 3, 4, 5 మధ్య ఊగుతోంది, నిజమైన విలువను సవరిస్తే అక్కడ 4 వస్తుంది. కాబట్టి 20.4 వరకు చెప్పడానికి ధైర్యం ఉంది, 20.38 అని చెబితే అటువైపున్న పిల్లవాడికి ఉన్న పుస్తకంతో కలవదు. 20.4 అంటే పుస్తకం 20.4375తోనూ కలుస్తుంది, కాలిక్యులేటర్ 20.38తోనూ కలుస్తుంది. ఎటు నుంచి వచ్చినా ఇద్దరూ ఒకే చోట కలుసుకుంటారు.

సవరణ అనేది చివర్లో ఒక్కసారే జరగాలి అన్న మాట ఈ లెక్కలో ఎంత బాగా కనిపిస్తుందో చూడండి. మధ్యలోనే సెక్టర్‌ను 118, త్రిభుజాన్ని 97 అని రౌండ్ చేస్తే తేడా 21. చివరి వరకు ఆగి రౌండ్ చేస్తే 20. ఇరవైలో ఒకటి పోయింది. గుణకారాలు మాత్రమే ఉన్న లెక్కల్లో మధ్యలో రౌండ్ చేసినా ఇంత దెబ్బ తగలదు. తీసివేత ఉందంటే మాత్రం జాగ్రత్త పడాల్సిందే.

ఇప్పుడు భిన్నాల సంగతి. అదే అభ్యాసంలో మొదటి మూడు లెక్కలకు బ్రాకెట్ ఉండదు, కాబట్టి పేజీ పైనున్న 22/7 వర్తిస్తుంది. వాటి జవాబులు 132/7, 77/8, 154/3. మూడూ భిన్నాలే. నాలుగో లెక్కలో వ్యాసార్థం 10, బ్రాకెట్లో 3.14. జవాబులు 28.5, 235.5, దశాంశాలు. చూశారా, ఏ రూపంలో రాయాలో పుస్తకం వేరే చెప్పలేదు. π విలువను ఏ రూపంలో ఇచ్చిందో జవాబునూ ఆ రూపంలోనే ఇచ్చింది. 22/7 ఇస్తే భిన్నంతో మొదలై భిన్నంతో ముగిసింది, 3.14 ఇస్తే దశాంశంతో మొదలై దశాంశంతో ముగిసింది.

132/7ను తీసుకెళ్లి 18.86 అని రాయడం చాలామంది చేసే పని. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. కానీ ఆ లెక్కలో (వ్యాసార్థం 6, కోణం 60°) అసలు విలువ 6π, అంటే 18.85. రెండో దశాంశ స్థానం 22/7 వల్ల వచ్చిందే తప్ప నిజమైనది కాదు. 132/7 అని వదిలేస్తే కనీసం చూసేవాడికి ఇది 22/7 నుంచి వచ్చిందని తెలుస్తుంది. 18.86 అని రాసేస్తే ఆ ఆనవాలు చెరిగిపోతుంది. 77/8 మాత్రం వేరు. హారం 8లో 2 తప్ప ఇంకో ప్రధాన కారణాంకం లేదు కాబట్టి 9.625 దగ్గర అంతమవుతుంది. భిన్నం రాసినా దశాంశం రాసినా ఒకే సంఖ్య. హారంలో 2, 5 మాత్రమే ఉంటే దశాంశంగా మార్చడంలో నష్టం లేదు, 3 గానీ 7 గానీ 11 గానీ మిగిలితే భిన్నంగా ఉంచడమే మంచిది. 154/3ను 51.3 అని, మూడు మీద గీత పెట్టి పంపితే ఆ గీత ఫోన్‌లో టైప్ చేసేటప్పుడే పోతుంది. 51 1/3 అని టైప్ చేసినా ప్రమాదమే. మధ్యలో ఖాళీ సరిగా కనపడకపోతే 511/3 అని చదువుతారు. 154/3కు ఆ గొడవ లేదు.

మరి బ్రాకెట్ తెగిపోయినప్పుడు అందులో ఏముందో ఊహించే దారి లేదా? కొంత ఉంది. ప్రశ్న రాసేవాళ్లు సంఖ్యలను ఊరికే ఎంచుకోరు. వ్యాసార్థం 7, 14, 21, 3.5, 1.4 లాంటివైతే 22/7తో కొట్టేసుకుపోవడానికి పెట్టారని అర్థం. 10, 15, 20 అయితే 3.14 మనసులో ఉంది. 60°, 120° కోణాలు వచ్చి త్రిభుజం తీసెయ్యాల్సి ఉంటే √3కు విలువ ఎక్కడో ఇచ్చే ఉంటారు, ఇవ్వకపోతే √3 అలాగే ఉంచమని. త్రికోణమితిలో 30 మీటర్ల దూరం నుంచి 30° ఊర్ధ్వకోణంలో కనపడే స్తంభం ఎత్తు 10√3 మీటర్లు. √3 = 1.732 అని ప్రశ్నలో ఉంటే 17.32 రాయాలి. లేదంటే 10√3 దగ్గర ఆపితే పూర్తి మార్కులు. అదే లెక్కలో 35° లాంటి కోణం కనపడితే దాని ట్యాంజెంట్ విలువ ప్రశ్నలో ఎక్కడో ఇచ్చారని, అది ఫొటోలో రాలేదని అనుమానించాలి. సంభావ్యత అయితే భిన్నమే, కనిష్ఠ రూపంలో. వర్గ సమీకరణం విచక్షణి పూర్ణవర్గం కాకపోతే మూలాల్లో √ ఉంచడమే.

ఇవన్నీ ఊహలే. 15 చూసి 3.14 అనుకున్నాం, ఈ లెక్కలో అది నిజమైంది. కానీ పాఠశాల స్థాయిలో పేపర్ పెట్టేవాళ్లు పుస్తకంలోని లెక్కలో వ్యాసార్థం మార్చి, బ్రాకెట్ మార్చడం మరిచిపోయిన సందర్భాలు కొత్తేమీ కాదు. అందుకే ఊహను రెండో వరసకే వాడాలి, మొదటి వరస దాని మీద ఆధారపడకూడదు.

ఊహల కంటే సులువైన పని ఒకటుంది, పేజీ మొత్తం పంపమని అడగడం. ఏం చూడాలో తెలిసి అడగాలి. ప్రశ్న తర్వాతి వరస కావాలి, ఎందుకంటే బ్రాకెట్ అక్కడే ఉంటుంది. అభ్యాసం మొదటి వరస కావాలి, అది వేరే పేజీలో ఉండొచ్చు. మన పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో ఎదురెదురు పేజీల్లో ఉంటాయి కాబట్టి, ఒక పేజీ మసకగా వస్తే రెండో భాషలోని పేజీ ఫొటో తీసి పంపమనొచ్చు, సంఖ్యలు రెంటిలోనూ ఒకటే. పోటీ పరీక్షల పేపరైతే సెక్షన్ మొదట్లో ఉన్న సూచనలు కావాలి. జేఈఈ మెయిన్‌లో సంఖ్య రాసే ప్రశ్నలకు జవాబును దగ్గరి పూర్ణసంఖ్యకు సవరించమని ఆ సూచనల్లోనే ఉంటుంది. అడ్వాన్స్‌డ్‌లో రెండు దశాంశ స్థానాల వరకు అడిగే సెక్షన్లు ఉంటాయి. ప్రశ్నను మాత్రమే ఫొటో తీస్తే ఇవి రావు. ఒకే లెక్కకు మెయిన్‌లో 20 సరైన జవాబు అవుతుంది, అడ్వాన్స్‌డ్‌లో 20.38 అవుతుంది, పదో తరగతి పుస్తకంతో పోల్చుకునేవాడికి 20.4375 కావాలి. బహుళైచ్ఛిక ప్రశ్న అయితే నాలుగు ఆప్షన్లే రూపం చెప్పేస్తాయి. ఆప్షన్లలో π కనపడితే దశాంశం జోలికి పోనక్కరలేదు. ఆప్షన్లు కత్తిరించేసి ప్రశ్న మాత్రం పంపేవాళ్లకు ముందు ఆప్షన్లు పంపమని చెప్పాలి.

ఫొటోలో రూపం గురించి సమాచారం లేకపోవడం ఒక ఎత్తు, ఉన్న సంఖ్యే తప్పుగా కనపడటం ఇంకో ఎత్తు. 1.4లో చుక్క సరిగా పడక 14 అయిపోతుంది, 3½ కాస్తా 31/2 అవుతుంది, కాగితం మడత మీద భిన్నం గీత కనపడదు. వర్గమూలం గుర్తు మీది గీత ఎంతవరకు సాగిందో తెలియకపోతే √(3r) రాసి ఉందా, (√3)r రాసి ఉందా అన్నది తేలదు. వీటిలో చుక్క సంగతే మోసం చేసేది, ఎందుకంటే 1.4కూ 14కూ రెంటికీ 22/7 శుభ్రంగా కొట్టేసుకుపోతుంది, లెక్క ఎక్కడా ఆగదు. ఇలాంటప్పుడు రూపం కంటే ముందు పరిమాణం చూడాలి. పెన్సిల్ వ్యాసార్థం 14 సెంటీమీటర్లా? నీళ్ల ట్యాంకు వ్యాసార్థం 1.4 సెంటీమీటర్లా? ప్రశ్నలో వస్తువు పేరు ఉంటే అది చెబుతుంది. లేకపోతే మనం చదివిన సంఖ్యను జవాబు పైన ఒకసారి రాసి పంపడం ఉత్తమం: "వ్యాసార్థం 1.4 సెం.మీ. అనుకుని చేశాను."

కొలతలూ డబ్బూ వస్తే పై పద్ధతి అలాగే నడవదు. వెయ్యి రూపాయల జీడిపప్పు ముగ్గురు పంచుకుంటే ఒక్కొక్కరి వాటా 1000/3 రూపాయలు అని పలాసలో ఏ కొట్టువాడికీ చెప్పలేం. 333 రూపాయల 33 పైసలు అనాలి, లేదా ఎవరో ఒకరు ఒక రూపాయి ఎక్కువ పెట్టుకోవాలి. యాభై మంది పిల్లలను ఎనిమిదేసి మందిని కూర్చోబెట్టే వాహనాల్లో పంపాలంటే 6.25 వస్తుంది, అది 6 కాదు, 7. ఇక్కడ సవరణ దగ్గరి సంఖ్యకు కాదు, పై సంఖ్యకే. అదే ఒక గుడ్డలోంచి ఎన్ని రుమాళ్లు తీయొచ్చు అంటే 6.9 వచ్చినా 6యే. ఫొటోలో ఏమీ చెప్పకపోయినా ఈ లెక్కల్లో వస్తువే జవాబు రూపాన్ని తేల్చేస్తుంది. భౌతికశాస్త్రం ప్రయోగాల లెక్కలైతే ఇచ్చిన కొలతల్లో ఎన్ని సార్థక అంకెలున్నాయో, గుణకార భాగహారాల్లో వాటిలో తక్కువ ఎన్నో జవాబులోనూ అన్నే ఉంచాలి.

అధిక వృత్తఖండాన్ని వదిలేశాం. పుస్తకం జవాబు 686.0625. నిజమైన విలువ 686.48. 22/7 వాడితే 686.7 దగ్గరకు వస్తుంది, అంటే పూర్ణసంఖ్యకు సవరిస్తే 687. ఇక్కడ ఏడు అంకెలు రాసిన జవాబులో నమ్మదగ్గవి మూడే. పంపాల్సింది "≈ 686 చ.సెం.మీ." అని. ఇప్పుడు ఒక చురుకైన పిల్లవాడు రెండూ కూడి చూస్తాడు. 20.4, 686 కలిపితే 706.4. మొత్తం వృత్తం 225π, అంటే 706.86. "కలవట్లేదు సార్" అని మెసేజ్ వస్తుంది. రౌండ్ చేసిన ముక్కలు కలిపితే రౌండ్ చేసిన మొత్తం రావాలన్న నియమమేమీ లేదు, 686కే అర యూనిట్ దాకా సందేహం ఉంది. కానీ ఆ మాటతో వాడికి తృప్తి ఉండదు, ఉండకూడదు కూడా. తన జవాబు సరైనదో కాదో తేల్చుకోవడానికి వాడికి వేరే దారి చూపించాలి.

మొదటి వరసలో కచ్చితమైన రూపం రాసి పెట్టినందుకు ఆ దారి ఉంది. అధిక వృత్తఖండం అంటే 225π లోంచి అల్ప వృత్తఖండం తీసెయ్యడం. లెక్క చేస్తే (75/4)(10π + 3√3) వస్తుంది. దీన్ని (75/4)(2π − 3√3)తో కలపండి. ఒకదానిలో 3√3 కూడిక, రెండోదానిలో తీసివేత, రెండూ పోయాయి. మిగిలింది (75/4) × 12π, అంటే 225π. కాలిక్యులేటర్ తీయక్కరలేదు, π ఎంతో √3 ఎంతో తెలియక్కరలేదు, మొత్తం వృత్తం చిల్లర లేకుండా తిరిగి వచ్చింది. త్రిభుజం వైశాల్యంలో 4కు బదులు 2 రాసి రెండు ఖండాలూ విడివిడిగా చేసి ఉంటే రెంటిలోనూ √3 పక్కన 3కు బదులు 6 వస్తుంది, అవి కూడా కొట్టేసుకుపోతాయి. కాబట్టి ఈ కూడిక ఆ తప్పును పట్టుకోలేదు. దాన్ని పట్టేది ≈ వరస: 2π − 6√3 రుణసంఖ్య, వైశాల్యం రుణం కాలేదు.